ఒకే ఇంటి వైఫైలో ఎడమొహం పెడమొహం



పిల్లలకు సెలవులిచ్చారంటే చుట్టాలు రావడం, వాళ్ళ వెంట ఫోన్లూ ట్యాబులూ రావడం ఈ రోజుల్లో మామూలే కదండీ. మొన్న వేసవిలో మా చిన్న ఆడపడుచు కొడుకుతో సహా వచ్చింది. వాడూ, మా అబ్బాయీ పక్కపక్కన కూర్చుని మైన్‌క్రాఫ్ట్ అనే ఆట కలిసి ఆడుకోవాలనుకున్నారు. ఇది ఒకరు తమ ట్యాబులో ఒక లోకాన్ని తెరిస్తే, అదే వైఫైలో ఉన్న రెండోవారు అందులోకి వెళ్ళి కలిసి కట్టుకునే ఆట. మావాడు తెరిచాడు. మేనల్లుడి తెర మీద మాత్రం ఏమీ కనపడలేదు. గంటసేపు కుస్తీపట్టి, "అత్తా, మీ వైఫై పనిచెయ్యట్లేదు" అన్నాడు వాడు. "పనిచెయ్యకేం, నీ ట్యాబే పాతది" అన్నాడు మావాడు. ఆ మాటకు మా ఆడపడుచు మొహం చిన్నబోయింది. "పోనీలే వదినా, వచ్చే నెల కొత్తది కొంటాం" అంది. ఏ తప్పూ లేని ట్యాబు కోసం వేలకు వేలు పోసేవాళ్ళమే!

నిజానికి వైఫై బాగానే ఉంది, ట్యాబులూ బాగానే ఉన్నాయి. రెండింటిలోనూ సినిమా పాటలు చక్కగా వస్తున్నాయి. మరి ఆటెందుకు కలవలేదు? హాస్టల్లో ఉన్న మా పెద్దమ్మాయి ఫోనులో విడమరిచి చెప్పాక నాకు బోధపడింది. అదే మీకూ చెబుతాను.

ఇంట్లో గోడకు తగిలించి ఉండే ఆ వైఫై పెట్టెను రౌటర్ అంటారు. రెండు ట్యాబులు ఒకే మంచం మీద ఉన్నా సరే, ఒకదాని మాట రెండోదానికి చేరాలంటే ముందు రౌటర్ దగ్గరకు వెళ్ళి, అక్కణ్ణించి తిరిగి రావాలి. మైన్‌క్రాఫ్ట్‌లో ఒకరి ఆట ఇంకొకరికి కనపడాలంటే ఒక ట్యాబు "ఇంట్లో ఎవరైనా ఆట తెరిచారా?" అని కేక వేస్తుంది. రౌటర్ ఆ కేకను మిగతావాటికి అందిస్తుంది. ఆట తెరిచిన ట్యాబు "ఊఁ, ఇక్కడున్నాను" అని బదులు చెబుతుంది. అప్పుడే పేరు తెర మీదికి వస్తుంది.

అయితే ఈ కేకను అందించవద్దని రౌటర్‌కు చెప్పే ఏర్పాటు ఒకటుంది. పరాయివాళ్ళు వచ్చి మన వైఫై వాడుకున్నా, మన కంప్యూటర్లోకో కెమెరాలోకో తొంగిచూడకుండా ఉండేందుకే దాన్ని పెట్టారు. లాడ్జీలో ప్రతి గదికీ బయటికి వెళ్ళే దారి ఉంటుంది గానీ, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తలుపు ఉండదు చూడండి, అలాంటిదే ఇదీ. అందుకే పాటలు వస్తాయి, వీడియోలు వస్తాయి, ఇంటర్నెట్ ద్వారా ఆడే ఆటలూ నడుస్తాయి. పక్క గదివాడిని పలకరించడం మాత్రం కుదరదు. వైఫై గీతలు నిండుగా ఉన్నా, ఇంటర్నెట్ బాగా వస్తున్నా, పక్కనున్న ట్యాబు ఆట ఒక్కటే కనపడకపోతే ముందు దీన్నే అనుమానించాలి.

అనుమానం తీరడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. నా ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, రెండు ట్యాబులనూ దానికి కలిపాను. నిమిషంలో మావాడి ఆట మేనల్లుడి తెర మీద ప్రత్యక్షమైంది! అంటే ట్యాబుల తప్పు లేదు, అడ్డుపడుతున్నది రౌటరే అని తేలిపోయింది. అక్కడా కనపడకపోతే ఆటలోనే చూసుకోవాలి. రెండింటిలోనూ ఆట ఒకే వెర్షన్ అయి ఉండాలి. తెరిచినవారి సెట్టింగుల్లో Visible to LAN Players అన్నది వేసి ఉండాలి. ఐఫోన్, ఐప్యాడ్ అయితే Local Network అనే అనుమతిని ఆ ఆటకు ఇచ్చి ఉండాలి. అది అడిగినప్పుడు పిల్లలు చూడకుండా వద్దని నొక్కేస్తుంటారు.

ఇక మా ఇంటి సంగతి. మా రౌటర్ రెండు పేర్లతో వైఫై ఇస్తుంది. ఒకటి ఇంటివాళ్ళకి, రెండోది చుట్టాలకి. ఈ రెండోదాన్ని గెస్ట్ నెట్‌వర్క్ అంటారు. మేనల్లుడు దానిలో ఉన్నాడు, మావాడు ఇంటిదానిలో ఉన్నాడు. ఓహో, ఇదా కారణమని మావాణ్ణి కూడా గెస్ట్‌లోకి మార్చాను. అయినా కనపడలేదండీ! నేను తెల్లబోయిన చోటు ఇదే. గెస్ట్ నెట్‌వర్క్ చుట్టాలను మన ఇంటి సామానుకే కాదు, చాలా రౌటర్లలో ఒక చుట్టాన్ని ఇంకో చుట్టానికి కూడా దూరంగా ఉంచుతుంది. పేరు ఒకటైనంత మాత్రాన సరిపోదన్నమాట.

అప్పుడు అమ్మాయి చెప్పినట్టు ఫోనులో బ్రౌజర్ తెరిచి, రౌటర్ అడుగున చీటీ మీద ఉన్న 192.168.0.1 అనే అంకెలు కొట్టాను. కొన్నిటికి అది 192.168.1.1 అని ఉంటుంది. పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళితే Guest Network అనే పేజీలో రెండు గడులు కనపడ్డాయి. Allow guests to see each other అన్నది ఒకటి, Allow guests to access my local network అన్నది రెండోది. మొదటిదానికి టిక్కు పెట్టి, రెండోదాన్ని ఖాళీగానే ఉంచి, సేవ్ చేశాను. చుట్టాలు ఒకరినొకరు చూసుకోవచ్చు గానీ, మావారి ఆఫీసు కంప్యూటర్ జోలికి పోలేరు. సేవ్ చేయగానే వైఫై ఒక నిమిషం ఆగి వచ్చింది. కాబట్టి ఇంట్లో ఎవరైనా ఆఫీసు మీటింగులో ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకండి! ఆ తర్వాత ఇద్దరి లోకాలూ ఒకటైపోయాయి.

ఇద్దరూ ఇంటి వైఫైలోనే ఉన్నా ఇలా అయితే, రౌటర్‌లోని వైర్‌లెస్ పేజీలో AP Isolation అనో Client Isolation అనో ఉంటుంది, దాన్ని తీసేయాలి. 2.4, 5 అని రెండు పేర్లు కనపడితే కంగారు పడకండి. సాధారణంగా అవి ఒకే ఇంటికి రెండు గుమ్మాలు, వాటివల్ల ఆట ఆగదు.

కొన్ని కంపెనీల రౌటర్లలో చుట్టాలను కలిపే గడి అసలు ఉండదు. అప్పుడు నమ్మకమైన చుట్టాలైతే ఆ నాలుగు రోజులూ ఇంటి వైఫై పాస్‌వర్డే ఇచ్చి, వాళ్ళు వెళ్ళాక మార్చుకోవచ్చు. లేదా హాట్‌స్పాట్‌తో సరిపెట్టుకోవచ్చు. ఆటకు డేటా పెద్దగా ఖర్చు కాదు గానీ, పిల్లలు మధ్యలో వీడియోలు పెడితే మాత్రం హరించుకుపోతుంది. హాస్టళ్ళలో, హోటళ్ళలో ఈ అడ్డు కావాలనే పెడతారు. దాన్ని తీయమనడం మనకు తగదు, అక్కడ హాట్‌స్పాటే శరణ్యం.

మా ఆడపడుచు వెళ్ళిన రోజున ఆ టిక్కు మళ్ళీ తీసేశాను. రేపు టీవీ బాగుచేయడానికి వచ్చినతనికీ ఆ గెస్ట్ వైఫైయే ఇస్తాం కదా! కొత్త ట్యాబు మాట మాత్రం మరి రాలేదు.

ఇక సెలవు.