115 వాట్ల ట్రాన్సిస్టర్ 45 వాట్లకే ఎందుకు పోతుంది?

పవర్ సప్లైలు, బ్యాటరీ చార్జర్లు, పాత ఆంప్లిఫయర్లు విప్పి చూసినవాళ్ళకి 2N3055 కొత్తేమీ కాదు. రెండు చివరలా స్క్రూ బెజ్జాలు, అడుగున రెండు కాళ్ళు ఉన్న లోహపు డబ్బా అది. 1960ల తొలినాళ్ళలో అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీ తెచ్చింది. ఇప్పటికీ మార్కెట్లో దొరుకుతూనే ఉంది. దాని డేటాషీట్ మొదట్లోనే 115 వాట్లు అని కనిపిస్తుంది. అది చూసి, మనకి కావలసింది 45 వాట్లే కదా, సగం కూడా లేదు కదా అని ధైర్యంగా అరచేతి వెడల్పు అల్యూమినియం ముక్క మీద బిగించేస్తారు. ఎండాకాలం మధ్యాహ్నం అది కొద్ది నిమిషాల్లోనే పోతుంది.

డేటాషీట్ అబద్ధం చెప్పలేదు. 115 పక్కనే చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది: కేస్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పుడు. అంటే లోపల 115 వాట్ల వేడి పుడుతున్నా బయటి డబ్బాని చేత్తో పట్టుకుంటే చల్లగానే తగలాలన్నమాట. చన్నీళ్ళు పారించి చల్లబరిచే ఏర్పాటు ఉంటే తప్ప అది జరగదు. ఆ అంకె అసలు ఎలా వచ్చిందో చూస్తే సంగతి తేలిపోతుంది. డబ్బా లోపల చిన్న సిలికాన్ చిప్ ఉంటుంది. వేడి పుట్టేది అందులోని జంక్షన్ దగ్గర. ఆ జంక్షన్ 200 డిగ్రీలు దాటకూడదు. జంక్షన్ నుంచి డబ్బాకి వేడి చేరాలంటే ప్రతి వాట్‌కూ 1.52 డిగ్రీల తేడా ఉండాలి. 200లోంచి 25 తీసేస్తే 175, దాన్ని 1.52తో భాగిస్తే 115. అంతే. కాబట్టి 115ని పక్కన పెట్టి, ఆ లెక్కలో వాడిన 200నీ 1.52నీ తీసుకుని మన లెక్క మనం వేసుకోవాలి.

ఆ 1.52నే థర్మల్ రెసిస్టెన్స్, ఉష్ణ నిరోధం అంటారు. కరెంటుకి ఓమ్ సూత్రం ఎలాంటిదో వేడికి ఇది అలాంటిదే. వోల్టేజి ఉన్న చోట ఉష్ణోగ్రతల తేడా, కరెంటు ఉన్న చోట వాట్లు పెట్టుకుంటే చాలు. వేడి వెళ్ళే దారిలో మూడు నిరోధాలు వరుసగా వస్తాయి: జంక్షన్ నుంచి కేస్‌కి, కేస్ నుంచి హీట్‌సింక్‌కి, హీట్‌సింక్ నుంచి గాలికి. వరుసలో ఉన్నాయి కాబట్టి కూడేస్తాం.

Tj = Ta + P × (Rjc + Rcs + Rsa)

ఇందులో Tj జంక్షన్ ఉష్ణోగ్రత, Ta చుట్టూ ఉన్న గాలిది, P వాట్లు. మొదటి నిరోధం తయారీదారు చేతిలో ఉంది, మనం మార్చలేం. రెండోది బిగించేవాడి పనితనం. మూడోది మనం కొనే హీట్‌సింక్.

ఇక ఒక సప్లై తీసుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్ దాటాక 20 వోల్టుల డీసీ వస్తుంది. 2N3055 దాన్ని తగ్గించి 12 వోల్టులు, 3 ఆంపియర్లు ఇస్తుంది. మిగిలిన 8 వోల్టులూ ట్రాన్సిస్టర్ మీదే పడతాయి. 8ని 3తో గుణిస్తే 24 వాట్ల వేడి.

గాలి ఉష్ణోగ్రత ఎంత వేసుకోవాలి? విదేశీ పుస్తకాల్లోని ఉదాహరణలు 25తో మొదలవుతాయి. మనకి ఆ అంకె పనికిరాదు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలోనే 45 దాటే రోజులుంటాయి. రేకుల షెడ్డు కింద ఇంకా ఎక్కువ. హీట్‌సింక్ పెట్టె బయట, వెనకవైపు ఉందనుకుని 50 వేసుకుందాం. మూసేసిన పెట్టె లోపలైతే ఇది కూడా చాలదు.

జంక్షన్‌కి హద్దు 200 కదా అని 200కే లెక్క వేయకూడదు. వేడెక్కడం, చల్లారడం మళ్ళీ మళ్ళీ జరిగేకొద్దీ చిప్‌ని డబ్బాకి అతికించిన సోల్డరు అలిసిపోతుంది. ఎంత ఎక్కువ వేడెక్కితే అంత తొందరగా. పైగా ఇలాంటి ట్రాన్సిస్టర్ పోయేటప్పుడు ఎక్కువగా కలెక్టర్, ఎమిటర్ రెండూ షార్ట్ అయిపోతాయి. అప్పుడు 12 వోల్టుల మీద నడిచే వస్తువు నెత్తిన 20 వోల్టులూ పడతాయి. ట్రాన్సిస్టర్ కంటే ఆ వస్తువు ఖరీదే ఎక్కువ. అందుకని 150 దగ్గర ఆగుదాం.

మన చేతిలో 100 డిగ్రీలున్నాయి: 150లోంచి 50 పోగా. 24 వాట్లతో భాగిస్తే వాట్‌కు 4.17 డిగ్రీలు. మూడు నిరోధాలూ కలిపి ఇంతకు మించకూడదు. జంక్షన్–కేస్ 1.52 పోయింది. డబ్బాయే కలెక్టర్ కాబట్టి హీట్‌సింక్‌కి కరెంటు తగలకుండా మధ్యలో మైకా వాషర్ పెట్టాలి. రెండు వైపులా పేస్ట్ రాస్తే దానికి సుమారు 0.5. మిగిలింది 2.15. అంటే వాట్‌కు రెండు డిగ్రీల హీట్‌సింక్ చాలు. అది తేలిగ్గానే దొరుకుతుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు.

కానీ ఈ సప్లైకి వోల్టేజి తిప్పే నాబ్ ఉందనుకోండి. ఎవరో దాన్ని 5 వోల్టులకి తిప్పి అదే 3 ఆంపియర్లు లాగారు. బయటికిచ్చేది తగ్గింది కాబట్టి ట్రాన్సిస్టర్‌కి శ్రమ తగ్గిందనిపిస్తుంది. జరిగేది దానికి తలకిందులు. ఇప్పుడు దాని మీద పడేది 15 వోల్టులు, వేడి 45 వాట్లు. మనం పెట్టిన రెండు డిగ్రీల హీట్‌సింక్‌తో లెక్క వేస్తే మొత్తం నిరోధం 4.02, ఉష్ణోగ్రత పెరుగుదల 181, జంక్షన్ 231 డిగ్రీలు. పోతుంది. కాబట్టి లెక్క ఎప్పుడూ అతి తక్కువ వోల్టేజికి, అతి ఎక్కువ కరెంటుకి వేయాలి.

పెద్ద హీట్‌సింక్ పెడితే సరిపోదా? 100ని 45తో భాగిస్తే 2.22. అందులోంచి 1.52, 0.5 తీసేస్తే మిగిలేది 0.2. ఫ్యాను లేకుండా వాట్‌కు 0.2 డిగ్రీలు ఇచ్చే హీట్‌సింక్ అంటే ఆ సప్లై కంటే అదే పెద్దగా ఉంటుంది. సినిమా వదిలాక హాలు బయట మైదానం ఎంత విశాలంగా ఉన్నా, ఉన్న ఒక్క తలుపూ ఇరుకైతే జనం లోపలే ఇరుక్కుంటారు. ఇక్కడ తలుపు ఆ 2.02.

మరి రెండో తలుపు తెరుద్దాం. రెండు 2N3055లు పక్కపక్కనే పెడితే ఒక్కొక్కదానికి 22.5 వాట్లు. ఒక్కో ట్రాన్సిస్టర్ లోపల, మైకాలో కలిపి ఖర్చయ్యేది 22.5 × 2.02, అంటే 45 డిగ్రీలు. వందలో ఇంకా 55 మిగిలాయి. హీట్‌సింక్ మాత్రం మొత్తం 45 వాట్లూ మోయాలి: 55ని 45తో భాగిస్తే 1.2. ఇంకో ట్రాన్సిస్టర్ కలిపేసరికి 0.2 కాస్తా 1.2 అయింది. హీట్‌సింక్ మీద పెట్టే డబ్బు కంటే రెండో ట్రాన్సిస్టర్ మీద పెట్టే డబ్బు ఎంతో ఎక్కువ పనిచేస్తుంది.

ఒక జాగ్రత్త ఉంది. రెంటినీ ఊరికే కలిపేస్తే, వేడెక్కినది ఇంకాస్త ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది, చివరికి భారమంతా ఒక్కదాని మీదే పడుతుంది. అందుకని ఒక్కో ఎమిటర్‌లో 0.22 ఓమ్‌ల రెసిస్టర్ పెడతారు. ఒకటి ఎక్కువ లాగబోతే దాని రెసిస్టర్ మీద వోల్టేజి పెరిగి వెనక్కి పట్టి ఉంచుతుంది.

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్ళి వాట్‌కు 1.2 డిగ్రీల హీట్‌సింక్ కావాలని అడిగితే దుకాణదారు మన మొహం చూస్తాడు. అక్కడ సైజుని బట్టి అమ్మకం. దానికి అంకె మనమే కట్టుకోవచ్చు. బంగారు రంగు లోహపు ఒంటితో వచ్చే 10 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్‌ని పేస్ట్ రాసి దాని మీద బిగించి 12 వోల్టులివ్వండి. 14.4 వాట్లు పుడతాయి. అరగంట, ముప్పావుగంట ఆగాలి. పెద్ద అల్యూమినియం నిదానంగా వేడెక్కుతుంది, పది నిమిషాలకే చూస్తే మోసపోతాం. గది కంటే 17 డిగ్రీలు పెరిగి నిలకడగా ఉంటే, 17ని 14.4తో భాగిస్తే 1.2 వచ్చినట్టు. రెక్కలు నిలువుగా ఉండాలి, వేడిగాలి వాటి మధ్యలోంచి పైకి పోవాలి. అడ్డంగా పడుకోబెడితే అదే ముక్క అంకె పాడవుతుంది.

ఇక బిగింపు. హీట్‌సింక్‌కి బెజ్జం కొట్టినప్పుడు అంచున లేచే సన్నటి బొడిపె మైకాని పైకెత్తుతుంది, లేదా చీల్చేస్తుంది. పెద్ద డ్రిల్ బిట్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి ఆ అంచు తీసేయాలి. పేస్ట్ మైకా కనిపించేంత పల్చగా చాలు. అది ఉన్నది గాలి సందులు పూడ్చడానికే, అల్యూమినియం కంటే బాగా వేడిని మోసే శక్తి దానికి లేదు. బిగించాక కేస్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య షార్ట్ లేదని మల్టీమీటర్‌తో చూసుకోవాలి.

పని సరిగా జరిగిందో లేదో ఉష్ణోగ్రతలే చెబుతాయి. 50 డిగ్రీల గాలిలో 45 వాట్ల దగ్గర హీట్‌సింక్ 104, కేస్ 115, జంక్షన్ 149 ఉండాలి. ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది కాబట్టి చేతులు తగలని వైపు పెట్టాలి, లేదంటే ఫ్యాను పెట్టాలి. చల్లటి రోజు కొలిచినా తేడాలు మారవు. థర్మోకపుల్‌తో కేస్‌నీ, దాని పక్కనే హీట్‌సింక్‌నీ కొలిస్తే 11 డిగ్రీల తేడా రావాలి. 25 వచ్చిందంటే అక్కడ పేస్ట్ లేదు, లేదా మైకా కింద ఏదో ఉంది. ఒకదానికి 15, ఇంకోదానికి 7 వస్తే బిగింపు మంచిదే, కరెంటే సమానంగా పంచుకోవడం లేదు. పిస్తోలు ఆకారపు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుని మెరిసే అల్యూమినియం మీద నమ్మకండి, చాలా తక్కువ చూపిస్తుంది. కొలిచే చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద చూడాలి.

థర్మోకపుల్ కేస్ దాకానే పోగలదు. జంక్షన్ ఉష్ణోగ్రతని కేస్ మీద 22.5 × 1.52 కలిపి లెక్కకడుతున్నాం, అంటే ఆ 1.52ని నమ్ముతున్నాం. నకిలీ ట్రాన్సిస్టర్లలో ఆ నమ్మకం నిలవదు. కేస్ ఎక్కడ ఉండాలో అక్కడే ఉండి, తేడాలూ సరిగ్గా ఉండి, కరెంటూ సమానంగా పంచుకుని, అయినా ట్రాన్సిస్టర్ పోయిందంటే దాని మూతని హాక్సా బ్లేడుతో కోసి చూడండి. అసలు సరుకులో చిప్ నాలుగైదు మిల్లీమీటర్ల చదరం దాకా ఉంటుంది. నకిలీలో ఒకటి రెండు మిల్లీమీటర్ల చిప్ పెట్టి అదే డబ్బా మూసి, పైన అదే నంబరు ముద్రిస్తారు.