పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ నుంచి అన్వేషణకు అందే వ్యాసం: నీలగిరి, గోలకొండ పత్రికలపై ఒక సంభాషణ ఆధారంగా

ఉపోద్ఘాతం

సాహిత్య చరిత్రకు సంబంధించిన విలువైన సమాచారం ఇటీవల పాడ్‌కాస్టుల్లో మౌఖికంగా నమోదవుతోంది. అయితే పరిశోధకుడు వెతికేది అక్షరాలతో. ఎపిసోడ్‌లో ఇరవై ఏడో నిమిషాన ఒక విశ్రాంత అధ్యాపకుడు చెప్పిన అమూల్యమైన విషయం, దానికి తోడుగా రాతలో ఏమీ లేకపోతే, ఆ ఎపిసోడ్ ఉందని ముందే తెలిసినవారికి తప్ప మరొకరికి అందదు. ఎపిసోడ్ కింద రాసే పరిచయాన్ని షో నోట్స్ అంటారు. సాధారణంగా అది ‘తెలంగాణ తొలి పత్రికల గురించి ఎన్నో ఆసక్తికరమైన విషయాలు ఈ భాగంలో వినండి’ అనే ధోరణిలో ఉంటుంది. ఈ వాక్యంలో ఒక్క పత్రిక పేరు లేదు, ఒక్క వ్యక్తి పేరు లేదు, సంవత్సరం లేదు. శోధనకు దొరకదగినది ఇందులో ఏదీ లేదన్నమాట.

మా విభాగం తరఫున రికార్డు చేసిన 42 నిమిషాల సంభాషణను వ్యాసరూప షో నోట్స్‌గా మార్చిన క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. విషయం దక్షిణ తెలంగాణ పత్రికలు: నల్లగొండ నుంచి వెలువడిన నీలగిరి పత్రిక, పాలమూరు ప్రాంతీయుడైన సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి వెలువడిన గోలకొండ పత్రిక.

మాట నుంచి వాక్యానికి

మొదట ఎపిసోడ్ మొత్తాన్ని విన్నది విన్నట్టుగా రాసుకున్నాం. దీన్ని యథాతథ లిప్యంతరం అనవచ్చు. ఇది వ్యాసం కాదు, వ్యాసానికి ముడిసరుకు. అందులో ఒక చోట వక్త మాట ఇలా ఉంది: “మన షబ్నవీసాయన ఉన్నడు గదా, ఆయన నల్గొండల పెట్టిండు. ఇర్వై రెండుల. ఊరి పాత పేరే పెట్టిండు దానికి.”

వినేవారికి ఇందులో ఏ లోపమూ లేదు. ముందు మాటల సందర్భం వారి చెవిలోనే ఉంటుంది. శోధన చేసేవారికి మాత్రం ఇందులో దాదాపు ఏమీ లేదు. వ్యక్తి పూర్తి పేరు లేదు, ‘పెట్టిండు’ అన్న క్రియకు కర్మ లేదు, శతాబ్దం లేదు. షో నోట్స్‌లో ఆ మాటలు ఈ వాక్యంగా మారాయి: ‘షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రికను ప్రారంభించారు, నీలగిరి అన్నది నల్లగొండకు పాత పేరు.’ ఇక్కడ జరిగిన మార్పు శైలికి సంబంధించినది కాదు. సర్వనామం స్థానంలో నామం వచ్చింది. వాక్యం తనకు ముందున్న వాక్యంపై ఆధారపడకుండా నిలబడింది. శోధనలో పాఠకుడు వ్యాసం మధ్యలోకి నేరుగా దిగుతాడు కనుక ప్రతి పేరాలోని మొదటి వాక్యానికైనా ఈ స్వతంత్రత అవసరం.

ఈ దశలో నేను చేసిన ఒక పొరపాటును చెప్పాలి. మొదటి ప్రయత్నంలో వక్త మాటలను ప్రమాణభాషలోకి మార్చి, వాటినే ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచాను. ‘పెట్టిండు’ కాస్తా ‘స్థాపించారు’ అయింది. మాండలికాలపై పని చేసే ఒక మిత్రుడు ఎపిసోడ్ విని, పాఠం చదివి, “ఈ మాట ఆయన అనలేదు కదా” అన్నాడు. అది న్యాయమైన అభ్యంతరం. ఉద్ధరణ చిహ్నాలు పెట్టిన చోట మాట వక్తదే కావాలి. అప్పటి నుంచి వివరణ భాగాన్ని వ్యావహారిక ప్రమాణభాషలో రాసి, ఉద్ధరణలను పాలమూరు, నల్లగొండ పలుకుబడిలోనే ఉంచుతున్నాం. యథాతథ లిప్యంతరాన్ని పేజీ అడుగున విడిగా ఇస్తున్నాం. భాషాశాస్త్ర విద్యార్థికి పనికివచ్చేది అదే.

పేర్లకు ఉన్న అనేక రూపాలు

తెలుగులో శోధన విఫలం కావడానికి నేను గమనించిన ప్రధాన కారణం పేర్ల వర్ణక్రమం. షబ్నవీసు, శబ్నవీసు, షబ్నవీస్ అనే మూడు రూపాలూ వ్యవహారంలో ఉన్నాయి. గోలకొండ, గోల్కొండ; నల్లగొండ, నల్గొండ; ఇటిక్యాలపాడు, ఇటికాలపాడు ఇటువంటివే. వీటిలో ఏది సాధువో తేల్చడం షో నోట్స్ పని కాదు. ఒక రూపాన్ని ప్రధానంగా ఎంచుకొని వ్యాసమంతటా పాటించడం, మిగిలిన రూపాలను మొదటి ప్రస్తావనలోనే ‘నల్లగొండ (నల్గొండ)’ అన్నట్లు ఒక్కసారి ఇవ్వడం సరిపోతుంది. అన్ని రూపాలనూ పేజీ చివర కుప్పగా పోయడం కొందరికి అలవాటు. అది చదివేవారిని చికాకు పెడుతుంది.

నీలగిరి విషయంలో ఇబ్బంది ఇంకొక రకమైనది. ఆ మాట ఒక్కటే ఇచ్చి వెతికితే తమిళనాడు కొండలు, యూకలిప్టస్ తైలం ఎదురవుతాయి. కాబట్టి శీర్షికలోనూ ఉపశీర్షికలోనూ ‘నీలగిరి’ అని వదిలేయకుండా ‘నీలగిరి పత్రిక, నల్లగొండ, 1922’ అని మూడింటినీ కలిపి ఉంచాం.

జిల్లాల పునర్విభజన మరొక చిక్కు తెచ్చింది. సురవరం స్వగ్రామమైన ఇటిక్యాలపాడు 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. పాత పుస్తకాలు చదివినవారు ఒక పేరుతో, నేటి విద్యార్థులు మరొక పేరుతో వెతుకుతారు. ఈ రెండూ ఒకే వాక్యంలో ఉండాలి.

విభక్తుల విషయం తెలుగు అధ్యాపకులకు చెప్పనక్కరలేదు గానీ, శోధన దృష్టితో చూసినప్పుడు అది కొత్తగా కనిపిస్తుంది. ‘పాలమూరు’ అని వెతికితే ‘పాలమూరులో’ దొరుకుతుంది, ఎందుకంటే మొదటి రూపం రెండోదానిలో పూర్తిగా ఉంది. ‘పాలమూరి’, ‘పాలమూర్ల’ అనే రూపాలు మాత్రం అక్షరపోలికకు దొరకవు. చివరి ఉత్వం పోయింది. అందువల్ల ప్రతి ముఖ్యనామమూ కనీసం ఒక్కసారి ప్రథమావిభక్తిలో, పూర్తి రూపంలో ఉందో లేదో చూసుకోవాలి.

కంటికి కనిపించని తేడా ఇంకొకటి ఉంది. ‘మహబూబ్‌నగర్’ అని రాసేటప్పుడు పొల్లుకూ ‘న’కూ మధ్య సంయుక్తాక్షరం ఏర్పడకుండా జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య వర్ణం చేరుతుంది. దాని యూనికోడ్ సంఖ్య U+200C. అది లేకపోతే ‘మహబూబ్నగర్’ అవుతుంది. ఖాళీ వదిలితే ‘మహబూబ్ నగర్’ అవుతుంది. యంత్రానికి ఇవి మూడు వేర్వేరు వర్ణక్రమాలు. కొన్ని శోధన సాధనాలు ఈ అదృశ్య వర్ణాన్ని పట్టించుకోవు. సాదా అక్షరపోలిక చేసేవి మాత్రం రూపం కుదరకపోతే ఫలితం లేదంటాయి. ఇద్దరు ముగ్గురు కలిసి టైపు చేసిన పాఠంలో మూడు రూపాలూ కలగాపులగంగా ఉండడం సహజం. ఆ వర్ణం ఏయే పంక్తుల్లో ఉందో లినక్స్ టెర్మినల్‌లో ఇలా చూడవచ్చు:

```
grep -n $'\u200c' notes.txt
```

స్మృతికి, చరిత్రకు మధ్య

సంభాషణలో వక్త జ్ఞాపకంతో మాట్లాడతాడు. సాంఘిక చరిత్ర ప్రస్తావన వచ్చినప్పుడు మా వక్త “ఆ పుస్తకానికే సురవరం సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నడు” అన్నారు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడింది 1949లో. ప్రతాపరెడ్డి 1953లో మరణించారు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ గ్రంథానికి ప్రకటితమైనది 1955లో. అందుకున్నారనడానికి వీలులేదు, అది మరణానంతర పురస్కారం. మాటల్లో ఇటువంటి జారుడు క్షమార్హమే. షో నోట్స్‌లో దాన్ని యథాతథంగా రాస్తే మాత్రం రేపు ఎవరో తమ సిద్ధాంతగ్రంథంలో ఉటంకిస్తారు.

దీన్ని సరిచేసే పద్ధతిపై మాలో చర్చ జరిగింది. ఆడియోలో ఆ ముక్కను కత్తిరించాలని ఒకరన్నారు. నా అభిప్రాయం వేరు. లిప్యంతరంలో వక్త మాటను అలాగే ఉంచి, వ్యాసభాగంలో సరైన సంవత్సరాలు ఇచ్చి, పక్కనే చదరపు కుండలీకరణంలో ‘సంపాదక సవరణ’ అని గుర్తించాం. విన్నదానికీ చదివినదానికీ తేడా ఎందుకున్నదో పాఠకుడికి తెలుస్తుంది. గోలకొండ కవుల సంచిక విషయంలో వక్త ‘మూడు వందల చిల్లర కవులు’ అన్నారు. దాన్ని 354 అని అంకెల్లో రాశాం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో వచ్చిన ఆ సంచికను వెతికేవారు ఆ అంకెతో కూడా వెతకవచ్చు.

కాలసూచికలు, స్థలపరిమితి

ప్రతి ఉపశీర్షికకు ఎపిసోడ్‌లోని సమయాన్ని జతచేస్తే వ్యాసం నుంచి ధ్వనికి దారి ఏర్పడుతుంది. మా ఎపిసోడ్ సూచిక ఇది:

```
00:00 పరిచయం
03:10 నీలగిరి పత్రిక, నల్లగొండ, 1922
14:45 గోలకొండ పత్రిక, 1926: సురవరం ప్రతాపరెడ్డి
26:20 గోలకొండ కవుల సంచిక, 1934
36:05 ఆంధ్రుల సాంఘిక చరిత్ర, 1949
```

యూట్యూబ్‌లో ఇవి అధ్యాయాలుగా మారాలంటే మొదటి సమయం 00:00 కావాలి, కనీసం మూడు సూచికలు ఆరోహణక్రమంలో ఉండాలి, ఒక్కొక్క అధ్యాయం 10 సెకన్లకు తక్కువ కాకూడదు. మేము మొదట సూచికలన్నీ సిద్ధం చేసుకున్నాక, ప్రారంభ సంగీతం 25 సెకన్లు చేర్చాం. దాంతో ప్రతి సూచికా 25 సెకన్లు ముందుకు పడింది. 14:20 నొక్కినవారికి నీలగిరి పత్రిక ముగింపే వినిపించింది. తుది కూర్పు తర్వాతే సమయాలు రాయాలి. మొదటిది, మధ్యది, చివరిది నొక్కి వింటే చాలు, జారుడు ఉంటే బయటపడుతుంది. వినేవారిని బట్టి ప్రకటనలు మారే వేదికల్లో మాత్రం ఈ సూచికలు కచ్చితంగా నిలవవు. అక్కడ ఉపశీర్షికలో వక్త పలికిన మొదటి మాటలను కూడా ఇవ్వడం మేలు.

స్థలం విషయంలో తెలుగుకు ఒక ప్రత్యేక నష్టం ఉంది. ఆపిల్ పాడ్‌కాస్ట్స్ మార్గదర్శకాలు వివరణకు బైట్లలో పరిమితి విధిస్తాయి. ఆంగ్లాక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8లో తెలుగు వర్ణానికి మూడు కావాలి. గుణింతపు గుర్తులకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి. ఉదాహరణకు 4000 బైట్లలో దాదాపు 1330 తెలుగు సంకేతాలు, సుమారు 160 మాటలు మాత్రమే పడతాయి. పాఠం ఎన్ని బైట్లో `wc -c notes.txt` చెబుతుంది. పూర్తి వ్యాసం యాప్‌లో ఇమడదు కనుక దాన్ని సొంత పేజీలో ఉంచి, యాప్ వివరణలో పత్రికల పేర్లు, వ్యక్తుల పేర్లు, సంవత్సరాలతో కూడిన తొలి రెండు పేరాలు, పేజీ లంకె ఇచ్చాం.

ఆ లంకెను తెలుగు లిపిలో పెట్టాలన్న కోరిక నాకూ ఉండేది. నకలు చేసి మరొక చోట అతికించినప్పుడు మాత్రం ఒక్కొక్క వర్ణం తరచుగా తొమ్మిది గుర్తుల వరుసగా విస్తరిస్తుంది. ‘నీలగిరి’ అన్న మాటే 63 గుర్తులవుతుంది. పాదసూచికలో అది ఉటంకింపుగా పనికిరాదు. అందుకే `nilagiri-patrika-1922` అని రోమన్ లిపిలో ఉంచాం, శీర్షికను మాత్రం తెలుగులోనే.

ప్రచురించిన కొన్ని వారాలకు గూగుల్‌లో `site:` తర్వాత మా చిరునామా ఇచ్చి, వ్యాసంలోని ఒక వాక్యాన్ని జంట ఉద్ధరణ చిహ్నాల మధ్య పెట్టి వెతికాం. పేజీ కనిపించింది. తర్వాత ‘షబ్నవీస్’ అన్న రూపంతో వెతికితే కనిపించలేదు. చూస్తే, మొదటి ప్రస్తావనలో శబ్నవీసు ఇచ్చి, ఉత్వం లేని ఆ రూపాన్ని మరిచాం.