నాలుగో లైను, పదకొండో అడ్డరోడ్డు

గుంటూరులో ఒక డెలివరీ చీటీ మీద ఇలా రాసి ఉందనుకుందాం: "రమణమ్మ గారు, 4/11 బ్రాడీపేట, రామాలయం వెనుక, గుంటూరు-2". ఊళ్లోవాళ్లకు ఇందులో తెలియనిదేమీ లేదు. 4/11 అంటే నాలుగో లైను, పదకొండో అడ్డరోడ్డు. వీధి, ప్రాంతం, ఊరు, పిన్‌కోడ్ అని నాలుగు కాలమ్స్ గీసుకుని ఇలాంటి చీటీలను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడే చిక్కంతా.

బయటి మనిషి 4/11ను డోర్ నంబరు అనుకుంటాడు. ఎక్సెల్ అయితే తేదీ అనుకుని `04-Nov` అని మార్చేస్తుంది. ఆ తర్వాత సెల్‌ను `Text`గా మార్చినా పోయింది తిరిగిరాదు, ఏదో అయిదంకెల సంఖ్య కనిపిస్తుంది. 5-3-12 లాంటి డోర్ నంబర్లకూ ఇదే గండం. అందుకే టైపు మొదలుపెట్టకముందే కాలమ్స్ అన్నిటినీ `Text`గా పెట్టుకోవాలి.

ముందు చీటీలో ఉన్నది ఉన్నట్టుగా, తప్పులతో సహా, ఒక విడి కాలమ్‌లో ఎక్కించాలి. రేపు అనుమానం వస్తే చూసుకోవడానికి మిగిలేది అదే. విడగొట్టడం మాత్రం చివరి నుంచి మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే చిరునామాలో తోక భాగమే కాస్త పద్ధతిగా ఉంటుంది. "గుంటూరు-2"లో ఊరి పేరు దొరికింది. ఆ 2 అనేది 522002కు జనం వాడే పొట్టిరూపం. పూర్తి పిన్ రాసి, "చీటీలో లేదు, మేం పూరించాం" అని పక్కన గుర్తు పెట్టాలి. ప్రాంతం బ్రాడీపేట. చీటీల్లో బ్రాడిపేట, బ్రోడీపేట, Brodipet అని రకరకాలుగా వస్తుంది కాబట్టి ప్రాంతాల జాబితా ఒకటి ముందే రాసుకుని, అందులో ఉన్న రూపమే వాడాలి. వీధి కాలమ్‌లో "4వ లైను, 11వ అడ్డరోడ్డు" అని విప్పి రాస్తే ఇక తేదీ భయం ఉండదు. రామాలయం వెనుక అన్నది వీధి కాదు. అయినా పార్సిల్ పట్టుకొచ్చే కుర్రాడికి దారి చూపేది అదే కాబట్టి దాన్ని పారేయకుండా ఆనవాలు అని అయిదో కాలమ్ ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది పిన్ దగ్గర. ఆధార్ నంబరులో చివరి అంకె మిగతా అంకెల్లోని తప్పును పట్టిస్తుంది. 1972లో వచ్చిన పిన్‌కు అలాంటి ఏర్పాటు లేదు. చేతిరాతలో 2 కాస్త వంకర తిరిగి 7లా కనిపిస్తే 522002 కాస్తా 522007 అవుతుంది. అదీ గుంటూరు పిన్నే! ఆరంకెలు ఉన్నాయా, 5తో మొదలైందా అని చూసినంత మాత్రాన ఈ తప్పు దొరకదు. తపాలా శాఖ పిన్‌కోడ్ జాబితాను దగ్గర పెట్టుకుని, పిన్‌కూ ప్రాంతానికీ పొత్తు కుదిరిందో లేదో చూడాలి. కుదరకపోతే ఏదో ఒకటి ఊహించి దిద్దేయకుండా పిన్ గడి ఖాళీగా వదిలి, ఆ చీటీని పక్కన పెట్టి, రమణమ్మ గారికే ఫోన్ చేసి అడగాలి.