ఆగితే చాలు, గీత దాటుతుంది

2015 డిసెంబరు మొదట్లో అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు బంగారం ధర 1,046 డాలర్లకు దిగింది. 2011 సెప్టెంబరులో అదే ఔన్సు 1,920 డాలర్ల దాకా పలికింది. నాలుగేళ్లుగా పడుతున్న ధర అది. ఆ డిసెంబరు 16న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తొమ్మిదేళ్ల పైచిలుకు విరామం తర్వాత మొదటిసారి వడ్డీ రేటు పెంచింది. బంగారం వడ్డీ తెచ్చిపెట్టదు కాబట్టి వడ్డీలు పెరిగితే దాని మీద మోజు తగ్గుతుందని, ధర ఇంకా జారుతుందని చాలామంది లెక్కగట్టారు. ధర మాత్రం 1,046 కిందికి వెళ్లలేదు. మరో రెండు నెలలకు, 2016 ఫిబ్రవరి 11న, 1,260 డాలర్లను తాకింది.

అంత చెడ్డ వార్త వచ్చాక కూడా ధర ఎందుకు పడలేదు? వడ్డీ పెంపు రాబోతోందని అందరికీ నెలల ముందే తెలుసు కాబట్టి, దానికి భయపడి అమ్మదలచినవాళ్లు ముందే అమ్మేశారన్నది ఒక జవాబు. అమ్మేవాళ్ల బలం తగ్గుతోందన్న ఆనవాలు అంతకుముందు రెండున్నరేళ్ల ధరల చార్టులోనే ఉంది. ఆ ఆకారాన్ని ఫాలింగ్ వెడ్జ్ అంటారు.

చార్టు మీద ధర ఎప్పుడూ తిన్నగా పడదు. పడుతుంది, కాస్త లేస్తుంది, మళ్లీ పడుతుంది. లేచి ఆగిన శిఖరాలను కలుపుతూ పైన ఒక గీత, పడి ఆగిన అడుగులను కలుపుతూ కింద ఒక గీత గీస్తారు. వీటినే ట్రెండ్‌లైన్లు అంటారు. బంగారం శిఖరాలు ఇలా ఉన్నాయి: 2013 ఆగస్టులో సుమారు 1,433 డాలర్లు, 2014 మార్చిలో 1,392, 2015 జనవరిలో 1,307. అడుగులేమో 2013 జూన్‌లో 1,180, 2015 జులైలో 1,072, ఆ డిసెంబరులో 1,046. రెండు గీతలూ కిందికే వాలాయి. అయితే పై గీత నెలకు ఎనిమిదిన్నర డాలర్ల చొప్పున దిగుతుంటే, కింది గీత నాలుగున్నర చొప్పునే దిగింది. మొదట్లో రెండింటి మధ్య దాదాపు 275 డాలర్ల ఎడం ఉండేది. 2015 చివరికి అది 170కి తగ్గింది. ఒక వైపు వెడల్పుగా మొదలై రెండో వైపు సన్నబడే ఆకారం కాబట్టి దీనికి వెడ్జ్ అని పేరు.

ఈ ఆకారం ఏం చెబుతోందో చూద్దాం. పై గీత నిటారుగా దిగుతోందంటే, ధర లేచిన ప్రతిసారీ అమ్మేవాళ్లు మునుపటికంటే తక్కువ ధరకే అమ్మకానికి దిగుతున్నారని అర్థం. వాళ్ల తొందర తగ్గలేదు. అంత తొందరగా అమ్ముతున్నా అడుగులు మాత్రం అదే వేగంతో లోతుకు పోవడం లేదు. అంటే కింద ఎవరో కొంటున్నారు. అదే ఒత్తిడికి ఫలితం తగ్గుతూ వస్తోంది.

ఇక్కడ ఇంకో వర్గం కూడా ఉంటుంది. ధర పడుతుందన్న నమ్మకంతో, తమ దగ్గర లేని సరుకును ముందే అమ్మి తర్వాత చవగ్గా కొందామనుకునే షార్ట్ అమ్మకందారులు వీళ్లు. అంచనా తప్పితే నష్టానికే తిరిగి కొనుక్కుని బయటపడాలి. అందుకోసం ముందే పెట్టుకునే ఆర్డరే స్టాప్‌లాస్. చాలామంది దాన్ని పై గీతకు కాస్త పైన పెట్టుకుంటారు. గీతలు దగ్గరపడేకొద్దీ ఈ కొనుగోలు ఆర్డర్లు కూడా ధరకు దగ్గరవుతాయి. ధర పై గీత దాటిందంటే ఒక్కో స్టాప్‌లాస్ పేలి, ఒకరి కొనుగోలు ఇంకొకరి చేత కొనిపిస్తుంది. బ్రేకౌట్ తర్వాత ధర ఒక్కసారిగా దూకడానికి ఇదొక కారణం.

వెడ్జ్ గురించి ఎక్కువమంది ఇంతవరకే చెబుతారు. దీనికి సమానంగా పనిచేసే ఇంకో కారణం జనం మనసులో ఉండదు, గీతల వాలులోనే ఉంటుంది.

2015 డిసెంబరులో పై గీత సుమారు 1,215 దగ్గర ఉంది. అప్పటి నుంచి బంగారం 1,150 దగ్గర కదలకుండా కూర్చుందనుకుందాం. ఒక్క డాలరూ పెరగనక్కర్లేదు. పై గీత నెలకు ఎనిమిదిన్నర డాలర్లు దిగుతూ ఎనిమిది నెలల్లో తానే 1,150కి వచ్చేస్తుంది. ఆ మర్నాటికి ధర గీతకు పైన ఉంటుంది, బ్రేకౌట్ వచ్చిందని చార్టు చెబుతుంది. అదే కింది గీతను దాటాలంటే ధర ఆగితే కుదరదు. ఆ గీతకంటే వేగంగా పడాలి. పైకి దాటడానికి పడటం ఆగితే చాలు, కిందికి దాటడానికి ఇంకా జోరుగా పడాలి. వెడ్జ్‌లు ఇన్నిసార్లు తమ వాలుకు ఎదురుగా తెగడంలో ఈ అసమానతకు పెద్ద వాటా ఉంది.

అందుకే గీత దాటిందని సంబరపడే ముందు ఎలా దాటిందో చూడాలి. ధర పక్కకు జరుగుతూ గీతను దాటితే అమ్మకాలు అలసిపోయాయని మాత్రమే తెలుస్తుంది, కొనేవాళ్లు వచ్చారని తెలియదు. దీనికి తేలికైన పరీక్ష ఒకటుంది. వెడ్జ్ లోపలి చివరి శిఖరాన్ని కూడా ధర దాటిందా? ఆ శిఖరం వాలదు, ఉన్నచోటే ఉంటుంది. బంగారం విషయంలో అది 2015 అక్టోబరు నాటి 1,191. ఫిబ్రవరికి పై గీత 1,200 దగ్గరికి దిగింది. ధర ఆ రెండింటినీ కొద్ది రోజుల్లోనే దాటి 1,260కి చేరింది. మే నెలాఖరులో వెనక్కి తగ్గినా 1,200 దగ్గరే నిలబడింది. ఇది పక్కకు జరిగి దాటిన బ్రేకౌట్ కాదు, కొనుగోళ్లు తోసిన బ్రేకౌట్.

తర్వాత ఎంత దూరం వెళ్లింది? వెడ్జ్ ఎక్కడ మొదలైందో ధర అక్కడిదాకా తిరిగి వెళ్తుందని సంప్రదాయ లెక్క. ఇక్కడ ఆ గమ్యం 1,433. ధర 2016 జులైలో 1,375 దాకా వెళ్లి ఆగింది, డిసెంబరుకల్లా 1,120ల్లోకి జారింది. 1,046 అడుగు మాత్రం చెక్కుచెదరలేదు. అంటే వెడ్జ్ పతనం ముగిసిందని సరిగ్గానే చెప్పింది, కొత్త పరుగు ఎంత దూరమో మాత్రం చెప్పలేకపోయింది. మన నగల దుకాణం ధరల్లో ఈ బొమ్మ ఇలాగే కనిపించదు. రూపాయి మారకం విలువ, దిగుమతి సుంకం రెండూ ఆ ధరలో కలిసి ఉంటాయి.

రైజింగ్ వెడ్జ్ దీనికి తలకిందుల బొమ్మ. రెండు గీతలూ పైకే వెళ్తాయి, కాని కింది గీత నిటారుగా లేస్తుంది. తగ్గిన ప్రతిసారీ కొనేవాళ్లు తొందరపడతారు, శిఖరాలు మాత్రం కొద్దికొద్దిగానే పెరుగుతాయి. స్టాప్‌లాస్‌లు కింది గీతకు దిగువన పోగవుతాయి. ధర పెరగడం ఆగితే చాలు, కింది గీతే వచ్చి దాన్ని దాటేస్తుంది. పరీక్ష కూడా అదే: చివరి అడుగు కిందికి ధర వెళ్లిందా? లేదంటే అది పరుగు మధ్య విశ్రాంతి కావచ్చు. చార్టు ఆకారాలను వేల సంఖ్యలో లెక్కపెట్టిన థామస్ బల్కోవ్‌స్కీ, రైజింగ్ వెడ్జ్‌ను బలహీనంగా పనిచేసే ఆకారాల్లో చేర్చడానికి ఆశ్చర్యపడనక్కర్లేదు. గీత దాటడం అంత తేలికైనచోట, దాటినవన్నీ దూరం పోలేవు.

ఇంకో జాగ్రత్త. పెరుగుతున్న మార్కెట్ మధ్యలో చిన్న ఫాలింగ్ వెడ్జ్ ఏర్పడితే అది కూడా ఎక్కువగా పైకే తెగుతుంది. అప్పుడది పాత పెద్ద ధోరణికి కొనసాగింపే. వెడ్జ్ ఎదురుతిరిగేది తన సొంత వాలుకు. ఆ వాలు పెద్ద ధోరణితో కలిసినప్పుడే అది మలుపు అవుతుంది. కాబట్టి గీతలు గీసే ముందు ఒక అడుగు వెనక్కి వేసి, నాలుగైదేళ్ల చార్టును చూడాలి. 2015 బంగారంలో వెడ్జ్ వాలూ, 1,920 నుంచి సాగిన పతనమూ ఒకే దిక్కున ఉన్నాయి. అందుకే ఆ గీత తెగినప్పుడు నాలుగేళ్ల పతనం కూడా దానితోపాటే ఆగింది.