మీకు తెలుసా? సింకు కింది అరను కాపాడేది బ్రాండు కాదు, జిగురు
సింకు కింది అర ఉబ్బితే బ్రాండును తిడతాం. కానీ ఎంఆర్ ప్లైవుడ్‌నూ, ఐఎస్ 710 మెరైన్ రకాన్నీ ఒకే బ్రాండు అమ్ముతుంది. తేడా జిగురుది. ఎంఆర్‌లో సాధారణంగా వాడే యూరియా జిగురు గాలిలోని తేమకు ఆగుతుంది, నీళ్లు నిలిస్తే పొరలు విడిపోతాయి. 710లోని ఫినాల్ జిగురు 72 గంటలు నీళ్లలో ఉడికించినా పట్టు వదలకూడదు. పైన లామినేట్ ఉందిగా అంటారా? నీరు దూరేది పైపు కోసం కోసిన రంధ్రం అంచు నుంచి. అక్కడ లామినేట్ ఉండదు, సీలెంట్ పూయించాల్సిందే. ధర ఎక్కువంటే నిజమే, అందుకే 710ని సింకు అరకే వాడి, పై అరలకు ఎంఆర్‌తో సరిపెట్టొచ్చు. షీటు మీది ఐఎస్ఐ గుర్తు దగ్గరుండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.