పది శాతం వడ్డీ అంటున్నారు, అసలు రేటు ఎంత? షీట్‌లో మనమే పట్టుకుందాం

ఈ ఎపిసోడ్‌లో ఒకటే లెక్క. ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఓపెన్ చేసి పెట్టుకోండి, నాతో పాటు చేసేద్దురు.

బండి కొనడానికి ఫైనాన్స్ తీసుకుంటున్నారు అనుకోండి. లోన్ లక్ష రూపాయలు, రెండేళ్లు, 10 శాతం ఫ్లాట్. లక్షకి ఏడాదికి 10 వేలు, రెండేళ్లకి 20 వేలు వడ్డీ. మొత్తం 1,20,000ని 24 నెలలకి పంచితే ఈఎంఐ 5,000. ప్రాసెసింగ్ ఫీజు 3,000 ముందే కోసేస్తారు, కాబట్టి మన పనికొచ్చేది 97,000 మాత్రమే.

ఇంట్లో పెద్దవాళ్ల భాషలో చూస్తే, ఏడాదికి 10 శాతం అంటే నూటికి నెలకి 83 పైసల వడ్డీ. రూపాయి వడ్డీ కంటే తక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ ఒక మతలబు ఉంది. మొదటి నెల నుంచే మనం అసలు కొంచెం కొంచెం తీర్చుకుంటూ వస్తాం. అయినా ఫ్లాట్ లెక్కలో చివరి నెల దాకా లక్ష మీదే వడ్డీ పడుతుంది. మరి మన దగ్గర నిజంగా మిగిలి ఉన్న బాకీ మీద ఎంత రేటు పడుతున్నట్టు? మనం కనుక్కోవాల్సింది అదే.

సమీకరణం ఇలా ఉంటుంది. r అంటే నెలవారీ వడ్డీ రేటు.

```
97000 = 5000 × (1 − (1+r)^−24) / r
```

ఈఎంఐ తెలియకపోతే దీంట్లోంచి నేరుగా వచ్చేస్తుంది. లోన్ మొత్తం తెలియకపోయినా అంతే. కానీ r తెలియకపోతే చిక్కు. అది పైన ఘాతం లోపల ఒకసారి, కింద భాగహారంలో ఇంకోసారి కూర్చుంది. దాన్ని విడదీసి ఒక పక్కకి తెచ్చే సూత్రం లేదు. అందుకే ఒక రేటు ఊహించి, సరిపోయిందా లేదా చూసి, సరిదిద్దుకుంటూ పోవాలి. బ్యాంకు సాఫ్ట్‌వేర్ చేసేదీ ఇదే.

షీట్‌లో B1లో 97000, B2లో 5000, B3లో 24 పెట్టండి. A6లో మొదటి ఊహ 1%. పక్కన B6లో ఇది టైప్ చేయండి.

```
=PV(A6,$B$3,-$B$2)
```

ఈ ఫార్ములా మనకి చెప్పేది ఇది: నెలకి 5,000 చొప్పున 24 నెలలు కట్టే మనిషికి, ఈ వడ్డీ రేటుకి, ఈరోజు ఎంత అప్పు ఇవ్వొచ్చు? రేటు పెరిగితే అదే ఈఎంఐకి వచ్చే అప్పు తగ్గుతుంది. ఎప్పుడూ తగ్గుతూనే పోతుంది, మధ్యలో మళ్లీ పెరగదు. కాబట్టి 97,000ని ఒక్క చోటే దాటుతుంది. అంటే జవాబు ఒక్కటే.

రూపాయి వడ్డీ, అంటే 1% పెడితే 1,06,217 వచ్చింది. మనకి కావాల్సిన దానికంటే ఎక్కువ. అంటే అసలు రేటు ఇంకా పైనే ఉంది. రెండు రూపాయల వడ్డీ, 2% పెడితే 94,570. ఇది తక్కువ. సో, జవాబు ఈ రెండింటి మధ్యలో ఇరుక్కుంది.

ఇప్పుడు సరిగ్గా మధ్యకి వెళ్దాం. 1.5% పెడితే 1,00,152, ఇంకా ఎక్కువే. కాబట్టి కింది సగం వదిలేసి 1.5కి 2కి మధ్య చూద్దాం. 1.75% పెడితే 97,303. దగ్గరికొచ్చాం, కానీ ఇంకా కొంచెం పైకి పోవాలి. 1.875% పెడితే 95,923, దాటేశాం. ప్రతి అడుగులో వెతికే చోటు సగం అవుతోంది చూడండి. నెమ్మదిగా నడుస్తుంది కానీ దారి తప్పదు.

ఇక్కడ ఒక షార్ట్‌కట్ వేసుకోవచ్చు. 1.75 నుంచి 1.875కి వెళ్తే విలువ 1,380 తగ్గింది. మనకి తగ్గాల్సింది 303. అంటే ఆ దూరంలో 22 శాతం నడిస్తే చాలు. 0.125లో 22 శాతం 0.0275. దాన్ని 1.75కి కలిపితే 1.7775%. ఇది పెట్టి చూస్తే 96,997 వస్తుంది. మూడు రూపాయలే తేడా! మధ్యకి వెళ్లడానికి బదులు గీత గీసి అంచనా వేయడం అన్నమాట.

ఈ పనంతా షీట్ ఒక్క లైన్‌లో చేసిపెడుతుంది.

```
=RATE(24,-5000,97000)
```

జవాబు నెలకి సుమారు 1.7772%. పన్నెండుతో గుణిస్తే ఏడాదికి 21.33%. పది అన్నది ఇరవై ఒకటి దాటింది. నూటికి 83 పైసలు అనుకున్నది రూపాయి 78 పైసలు అయింది. ఫీజు లేకపోయినా ఇది 18.16% ఉండేది, మిగతాది ఆ 3,000 చేసిన పని.

జవాబు నిజమో కాదో ఎలా తెలుస్తుంది? బాకీ పట్టిక వేయండి. మొదటి నెల 97,000 మీద 1.7772% అంటే 1,724 వడ్డీ. ఈఎంఐలో మిగిలిన 3,276 అసలుకి పోతుంది, బాకీ 93,724. ఇలా 24 వరసలు లాగితే చివర బాకీ సున్నాకి రావాలి. పైసల తేడా వస్తే పర్లేదు. వందల్లో మిగిలితే మాత్రం రేటు తప్పు. చివరి నెల నిజమైన వడ్డీ 87 రూపాయలే. ఫ్లాట్ లెక్కలో మాత్రం అప్పటికీ నెలకి 833 రాస్తారు.

ఎక్కువమంది ఆగిపోయే చోట్లు మూడు. ఒకటి, మైనస్ గుర్తు. చేతికొచ్చేది ప్లస్, కట్టేది మైనస్. రెండూ ప్లస్ పెడితే #NUM! వస్తుంది. రెండు, షీట్ 2% అని చూపించడం. అది గుండ్రం చేసి చూపిస్తోంది అంతే, దశాంశ స్థానాలు పెంచండి. మూడు, అది నెల రేటు అని మర్చిపోవడం. పన్నెండుతో గుణించాకే ఏడాది రేటుతో పోల్చాలి. షోరూమ్‌లోనే మొదటి ఈఎంఐ కట్టించుకుంటే చివర 0,1 కలిపి RATE(24,-5000,97000,0,1) అని రాయండి. రేటు ఇంకా పెరుగుతుంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. చీటీ కడుతూ మధ్యలో పాట పాడితే డబ్బు మొదట మన నుంచి వెళ్తుంది, తర్వాత పెద్ద మొత్తం వస్తుంది, మళ్లీ వెళ్తుంది. అప్పుడు విలువ ఒకే వైపు తగ్గుతుందన్న గ్యారంటీ పోతుంది. రెండు రేట్లు సరిపోవచ్చు, ఒక్కటీ సరిపోకపోవచ్చు. అక్కడ RATE వాడకండి.

ఇప్పుడు అదే 97,000ని ఇంకో చోట ఏడాదికి 14 శాతానికి, తగ్గే బాకీ మీద, ఫీజు లేకుండా ఇస్తామన్నారు అనుకోండి. పదికంటే పద్నాలుగు ఎక్కువ కదా అని వదిలేస్తారు చాలామంది. కానీ దాని ఈఎంఐ 4,657. అంటే నెలకి 343 తక్కువ, రెండేళ్లకి దాదాపు 8,200 మిగులు.

అక్టోబర్ 1, 2024 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ టర్మ్ లోన్లకి ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని ఆర్‌బీఐ రూల్ ఉంది. అందులో ఫీజులతో కలిపిన ఏడాది రేటు, అంటే ఏపీఆర్, రాసి ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ పత్రం అడిగి తీసుకోండి. పక్కనే ఫోన్‌లో RATE వేసి చూడండి. ఫీజులన్నీ తీసేసి చేతికొచ్చిన మొత్తమే పెట్టారో లేదో చూసుకోండి. అయినా రెండు అంకెలు కలవకపోతే, తేడా ఎక్కడుందో కౌంటర్ దగ్గరే అడగండి.