కందా, కందగడ్డా? ఫొటోలో దుంపల ఆనవాళ్లు

మహాశివరాత్రి ముందురోజు కరీంనగర్‌లో "రెండు కిలోలు కందగడ్డలు పట్టుకురా" అంటే సంచిలో చిలగడదుంపలే వస్తాయి. అదే మాట రాజమండ్రిలో అంటే కొట్టు మనిషి ఏనుగు పాదమంత కందను ముందుకు జరిపి, ఎంత ముక్క కొయ్యమంటారని అడుగుతాడు. ఆ చిలగడదుంపే రాయలసీమకు వెళ్తే గెనుసుగడ్డ అవుతుంది. పెండలం అడిగినా అంతే. ఒకచోట తీగకు ఊరే దుంప ఇస్తారు, ఇంకోచోట సగ్గుబియ్యం చేసే కర్రపెండలం చేతిలో పెడతారు.

అందుకే చాలా ఇళ్లలో ఇప్పుడు పేరు చెప్పి ఊరుకోవడం లేదు. మార్కెట్‌కు వెళ్లినవాళ్లు కుప్పల ఫొటో తీసి పంపిస్తే, వంటింట్లో ఉన్నవాళ్లు చూసి ఏది కావాలో చెబుతున్నారు. ఈ పద్ధతి మంచిదే. కాకపోతే చాలామంది ఫొటోలో మొదట రంగు చూస్తారు, మోసపోయేది అక్కడే. ఎర్రమట్టి అంటుకుంటే తెల్ల చిలగడదుంప కూడా ఎర్రగా కనిపిస్తుంది. నల్లరేగడి అంటుకుంటే అన్ని దుంపలదీ ఒకే రంగు. కొట్టుపైన కట్టిన నీలం పట్టా, సాయంత్రం వేళ వేసే బల్బుల వెలుగు తొక్క రంగును ఇంకాస్త మార్చేస్తాయి. పరిమాణం కూడా నమ్మదగినది కాదు. దగ్గర నుంచి తీస్తే చేమదుంప కూడా కందలా కనిపిస్తుంది.

నమ్మదగిన ఆనవాలు తొక్క మీద ఉంటుంది. కంద, చేమ నిజానికి వేళ్లు కావు, భూమిలో ఉబ్బిన కాండాలు. ఆకుల మొదళ్లు ఉన్నచోటల్లా కాండం చుట్టూ గీత పడుతుంది. అందుకే ఈ రెండింటి మీదా వలయాలు కనిపిస్తాయి. చిలగడదుంప ఉబ్బిన వేరు. వేరుకు ఆకులుండవు కాబట్టి దాని మీద వలయాలూ ఉండవు. పెండలం తీగ మొదట్లో ఊరే దుంప, దాని మీదా అలాంటి గుండ్రటి గీతలు కనిపించవు. కాబట్టి ఫొటోను కాస్త పెద్దది చేసి, వలయాలున్నాయా లేవా అని చూస్తే సగం పని అయిపోయినట్టే.

సంక్రాంతి రోజుల్లో రైతుబజార్‌లో తీసిన ఫొటో ఒకటి తీసుకుని చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. గోనెపట్టా మీద నాలుగు కుప్పలు, పక్కన తక్కెడ.

మొదటి కుప్పలో నాలుగే దుంపలున్నాయి. ఒక్కోటి తక్కెడ పళ్లెమంత వెడల్పు. పైనా కిందా అణిగి, పక్కలకు ఉబ్బి ఉన్నాయి. నడినెత్తిన గుంట, ఆ గుంట చుట్టూ వలయాలు. అది కంద, ఇందులో అనుమానం అక్కర్లేదు. కాడ మొలిచి, ఎండి రాలిపోయిన చోటే ఆ గుంట. కొన్ని కందల ఒంటి నిండా బుడిపెల్లాంటి పిలకలుంటాయి, కొన్ని నున్నగా ఉంటాయి. కొవ్వూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన గజేంద్ర రకానికి పక్క పిలకలు దాదాపు రావు, దురదా తక్కువే. అందుకని నున్నటి కంద కనిపిస్తే కొంత ఆశ పెట్టుకోవచ్చు కానీ, ఫొటో చూసి దురద ఉండదని మాత్రం ఎవరూ చెప్పలేరు.

కంద మంచిచెడ్డలు తెలిసేది ఆ గుంటలోనే. అక్కడ బొటనవేలితో గట్టిగా నొక్కాలి. రాయిలా ఉంటే తీసుకోవచ్చు. మెత్తగా దిగబడినా, తడి అంటినా లోపల కుళ్లు మొదలైందని అర్థం. గుంటలోంచి గులాబి రంగు మొలక వేలంత పొడవు లేచి ఉంటే ఆ దుంప తన నిల్వ సరుకును మొలకకు పెట్టడం మొదలుపెట్టింది. దాన్ని విత్తనానికి వాడుకోవచ్చు, కూరకు మాత్రం మొలక ఇంకా లేవనిది మేలు. కోసిన ముక్క కొంటే కోత ముఖం చూడాలి. మీగడ రంగు గానీ, లేత నారింజ గానీ, గులాబి గానీ, ఏదైనా ముక్కంతా ఒకేలా ఉండాలి. గోధుమ మచ్చలు, నల్లటి చారలు, అంచుల్లో నీరు ఊరడం కనిపిస్తే ఆ ముక్క వద్దు. పొద్దున కోసి ఎండలో పెట్టిన ముక్క ముఖం ఎండి పగుళ్లిస్తుంది. అలాంటప్పుడు కొత్తగా కోసిమ్మని అడగడమే మంచిది.

రెండో కుప్పలో నిమ్మకాయంత నుంచి కోడిగుడ్డంత దుంపలు. ఒంటి నిండా వలయాలు, ఆ వలయాల వెంట గోధుమరంగు పీచు. ఒక కొన సన్నగా, రెండో కొనన విరిచిన మచ్చ. అది చేమదుంప. తల్లి దుంప చుట్టూ పుట్టిన పిల్లలను విడదీసి అమ్ముతారు కాబట్టే ఆ మచ్చ ఉంటుంది. దుంప తాజాదనం చెప్పేదీ ఆ మచ్చే. పొడిగా, శుభ్రంగా ఉంటే సరి. నల్లగా మారి మెత్తబడినా, బూజు కనిపించినా పక్కన పెట్టాలి. సన్నటి కొన దగ్గర మొలక పొడుచుకొచ్చినవి, తొక్క ముడతలు పడి తేలికైపోయినవి కూడా అంతే. కుప్పలో అక్కడక్కడా పిడికిలిని మించిన పెద్దవి కనిపిస్తే అవి తల్లి దుంపలు కావచ్చు. అవి ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, దురద కూడా ఎక్కువే ఉండవచ్చు. వేపుడుకైనా పులుసుకైనా ఒకే సైజువి ఏరుకుంటే అన్నీ ఒక్కసారే ఉడుకుతాయి.

కందలోనూ చేమలోనూ దురదకు కారణం ఒకటే. కాల్షియం ఆక్సలేట్ సూదుల్లా పేరుకుని కండలో ఉంటుంది. ఆ సూదులు చర్మానికీ నాలుకకూ గుచ్చుకుంటాయి. అందుకే తొక్క తీసే ముందు పొడి చేతులకు నూనె రాసుకుంటారు, కూరలో చింతపండు వేసి బాగా ఉడికిస్తారు. మంచిదో కాదో చూద్దామని పచ్చి ముక్కను కొరకడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

మూడో కుప్ప తేలిగ్గా తెలిసిపోతుంది. మధ్యలో లావై రెండు కొనలా సన్నబడిన దుంపలు, పలచటి తొక్క, వలయాల్లేవు, అక్కడక్కడా దారప్పోగుల్లాంటి వేళ్లు. ఎరుపైనా తెలుపైనా అది చిలగడదుంపే.

దీన్ని గుర్తించడం సులువే, ఎంచుకోవడంలోనే జాగ్రత్త కావాలి. చిలగడదుంపకు పెద్ద శత్రువు ముక్కుపురుగు. పెద్ద పురుగు చీమంతే ఉంటుంది. దాని పిల్లలు దుంప లోపల సొరంగాలు తవ్వుకుంటూ పోతాయి. పైకి కనిపించేవి గుండుసూది గుచ్చినట్టుండే చిన్న చిన్న రంధ్రాలే. దూరం నుంచి తీసిన ఫొటోలో అవి మట్టి చుక్కల్లా కనిపిస్తాయి. అందుకే చేతిలోకి తీసుకుని, మట్టి తుడిచి, కాడ ఉన్న వైపు బాగా చూడాలి. పురుగు తొలిచిన దుంప తనను తాను కాపాడుకోవడానికి చేదు పదార్థాలు తయారు చేసుకుంటుంది. ఆ చేదు సొరంగం దగ్గరే ఆగదు, చుట్టుపక్కల కండలోకీ పాకుతుంది. చెడిన మేర కోసేసి మిగతాది ఉడకబెట్టినా చేదుగానే ఉండేది అందుకే. ఉడికించినా ఆ చేదు పోదు. అలాంటి దుంపను పశువులకు వేయడం కూడా మంచిది కాదు. తోటివి బాగున్నా, రంధ్రాలున్నదాన్ని తక్కెడలోంచి తీసేయమనాలి.

బాగున్న చిలగడదుంప గట్టిగా ఉంటుంది, కొనలు ఎండి ముడుచుకుపోవు. తాజాదాన్ని విరిస్తే పాలు కారతాయి. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి లోపల గట్టిపడి, ఉడికించినా మెత్తబడని గడ్డలు ఏర్పడతాయి. గాలి తగిలే బుట్టలో ఉంచితే చాలు.

నాలుగో కుప్పకే ఎక్కువ తకరారు. చెట్టు బెరడులాంటి గరుకు తొక్క, ఆకారమంటూ ఒకటి లేని దుంపలు. కొన్ని పొడుగ్గా, కొన్ని వేళ్లు విప్పిన పాదంలా. మీద పొట్టి వేళ్లు బోలెడు. ఇది పెండలం కావచ్చు. కానీ పక్కనే కర్రపెండలం పోసి ఉంటే తొక్క చూసి మాత్రమే తేల్చడం కష్టం. అప్పుడు ఒక ముక్క కోయించాలి. పెండలం కండ తెల్లగా గానీ వంగపండు రంగులో గానీ ఉంటుంది, కోసిన చోట చేతికి జిగురు తగులుతుంది. కర్రపెండలం కోస్తే పైన గోధుమ పొర, దాని కింద మందపాటి తెల్లటి లేదా గులాబి పట్ట, ఆ లోపల గట్టి తెల్లటి కండ వరసగా కనిపిస్తాయి. నడిమధ్యలో దారంలాంటి పీచు నిలువునా ఉంటుంది. ఈ తేడా రుచి కోసం మాత్రమే కాదు. పచ్చి కర్రపెండలంలో సైనైడ్ విషాన్ని విడుదల చేసే పదార్థాలుంటాయి. రెండు తొక్కలూ తీసి, పూర్తిగా ఉడికించి, ఆ నీళ్లు పారబోసి తినాలి.

పెండలం ఎంచుకునేటప్పుడు బరువు చూడాలి, గాయాలు చూడాలి. తవ్వేటప్పుడు గునపం తగిలిన చోటి నుంచే కుళ్లు మొదలవుతుంది. గాయం ఎండి తొక్క కట్టి ఉంటే ఫర్వాలేదు, చెమ్మగా ఉంటే వద్దు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. అక్కడి దుకాణాల్లో నారింజ రంగు చిలగడదుంపలకు యామ్ అని చీటీ పెడతారు. దాన్ని నమ్మి పెండలం కూర వండుదామనుకుంటే తియ్యటి ముద్ద అవుతుంది. నున్నటి పలచటి తొక్క, సన్నటి కొనలు కనిపిస్తే చీటీ మీద ఏమున్నా అది చిలగడదుంపే. పెండలం కావాలంటే బెరడులాంటి తొక్కే వెతకాలి.

ఇక ఫొటో తెప్పించుకునేవాళ్లు ఒక్క కుప్ప ఫొటోతో సరిపెట్టుకోకుండా మూడు అడగాలి. పక్కన అరచేయి పెట్టి తీసినది ఒకటి, మట్టి తుడిచిన ఒక దుంపను దగ్గర నుంచి తీసినది ఒకటి, కోత ముఖానిది ఒకటి. వలయాలు, కొనలు, లోపలి రంగు ఈ మూడింట్లో తెలిసిపోతాయి. గట్టిదనం, బరువు, వాసన ఏ ఫొటోలోనూ తెలియవు, అవి కొనే మనిషే చూసుకోవాలి. ఈ నాలుగింటి ఆనవాళ్లలో దేనికీ సరిపోని దుంప కనిపిస్తే, ముఖ్యంగా అడవి దుంప అని చెప్పి అమ్ముతుంటే, ఫొటో చూసి కొనమని చెప్పకండి. అడవి దుంపల్లో కొన్నింటిని నానబెట్టి, కడిగి, విషం పోగొట్టాకే తింటారు. ఆ పద్ధతి తెలిసినవాళ్లు దగ్గర లేకపోతే ఆ దుంపను అక్కడే వదిలేయండి.